మళ్ళీ నొక్కాలా వద్దా: ఒక ఎర్రర్ మెసేజ్‌తో నా అనుభవం

డాక్టర్ అపాయింట్‌మెంట్లు బుక్ చేసే యాప్‌లో స్క్రీన్ మీద కనిపించే మాటలన్నీ రాసే పని నాది. ఒకరోజు నాకు వచ్చిన పని ఒక్క లైనే: "ఎర్రర్ మెసేజ్‌లు భయపెట్టేలా ఉన్నాయి, కాస్త ఫ్రెండ్లీగా మార్చండి." అరపూటలో అయిపోతుందనుకున్నాను. ఆ అరపూట దాదాపు నెలన్నర సాగింది, అందులో సగం తప్పు నాదే.

అప్పటికి పేమెంట్ దగ్గర ఏం జరిగినా "లావాదేవీ విఫలమైంది. ఎర్రర్ 504" అని ఎర్రటి పెట్టెలో వచ్చేది. నేను ఎరుపు తీసేయించాను, నంబరు తీసేశాను, ఇలా రాశాను:

```xml
<string name="error_generic">అయ్యో! ఏదో పొరపాటు జరిగింది. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి.</string>
```

కింద "మళ్ళీ ప్రయత్నించండి" అని పెద్ద బటన్. చూడ్డానికి హాయిగా ఉంది, అందరూ బాగుందన్నారు. రెండు వారాలు గడిచాక సపోర్ట్‌లో ఫోన్లు ఎత్తే ఆవిడ నా దగ్గరికొచ్చి, "మీరు మార్చిన దగ్గర్నుంచి డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయనే కాల్స్ ఎక్కువయ్యాయండీ" అంది. మొదట నాకు అర్థం కాలేదు, నేను మార్చింది మాటలే కదా. ఆవిడ పక్కన కూర్చుని ఒక పూట కాల్స్ విన్నాక తెలిసింది. పాత మెసేజ్ చూసి జనం భయపడి ఆగిపోయి ఫోన్ చేసేవాళ్ళు. నా మెసేజ్ చూసి భయం లేకుండా మళ్ళీ నొక్కుతున్నారు, నొక్కమని నేనే చెప్పాను కాబట్టి. మొదటిసారి కట్టింది అప్పటికే వెళ్ళిపోయి ఉంటే రెండోది కూడా వెళ్తోంది.

ఇంకోటి కూడా గమనించాను. ఫోన్ చేసినవాళ్ళలో ఒక్కరు కూడా "ఎర్రర్ ఎందుకొచ్చింది" అని అడగలేదు. అందరి ప్రశ్నా ఒకటే, "డబ్బు కట్ అయిందా, బుక్ అయిందా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" ఒళ్ళు బాగోక బుక్ చేసుకునేవాళ్ళు, పిల్లాడికి జ్వరమని రాత్రిపూట బుక్ చేసేవాళ్ళు, వాళ్ళకి మన సర్వర్ కథ ఎందుకు?

అప్పుడు డెవలపర్ దగ్గరికెళ్ళి, ఈ మెసేజ్ అసలు ఎప్పుడెప్పుడు వస్తుందో చూపించమన్నాను. అతను కోడ్‌లో `error_generic` అని వెతికితే పేమెంట్ దారిలోనే నాలుగు చోట్ల దొరికింది. నెట్ లేక మన ఫోన్ నుంచి రిక్వెస్టే బయటికి వెళ్ళనప్పుడు, బ్యాంకు కార్డును ఒప్పుకోనప్పుడు, మనం కట్టేలోపు ఆ టైమ్‌ను ఇంకొకరు బుక్ చేసేసుకున్నప్పుడు, చివరగా రిక్వెస్ట్ వెళ్ళిపోయి 30 సెకన్లయినా జవాబు రానప్పుడు. ఈ నాలుగోదే ఆ 504, అంటే మధ్యలో ఉన్న సర్వర్ అవతలి సర్వర్ జవాబు కోసం చూసి చూసి వదిలేసిందని. డబ్బు వెళ్ళలేదని దాని అర్థం కాదు, వెళ్ళిందని కూడా కాదు. ఆ క్షణంలో యాప్‌కే తెలియదు.

ఇన్నాళ్ళూ మేము ఆ "తెలియదు"ని "విఫలమైంది" అని చెప్తున్నాం. అసలు గొడవంతా ఇక్కడే. దీన్ని నేను ఎంత మెత్తగా రాసినా అబద్ధమే అవుతుంది.

మొదటి మూడూ ఒక పూటలో అయిపోయాయి, ఎందుకంటే అక్కడ ఏం జరిగిందో యాప్‌కి తెలుసు. నెట్ లేనప్పటిది "ఇంటర్నెట్ లేదు. పేమెంట్ మొదలవలేదు." అంతే, దాని కింద "మళ్ళీ ప్రయత్నించు" హాయిగా పెట్టుకోవచ్చు. కార్డుది "ఈ కార్డును మీ బ్యాంకు ఒప్పుకోలేదు. బుకింగ్ కాలేదు." దాని కింద "వేరే కార్డు వాడు". ఇక్కడ కారణం చెప్పాలని చూశాను గానీ బ్యాంకు చాలాసార్లు మాకు కారణం చెప్పదు. ఊహించి "బ్యాలెన్స్ చాలలేదు" అని రాస్తే, ఉన్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, లేనివాళ్ళకి పక్కనున్నవాళ్ళ ముందు సిగ్గేస్తుంది. వదిలేశాను.

నాలుగోదానికి ఎన్ని సార్లు రాశానో. మొదటిది "చెల్లింపు స్థితి నిర్ధారణ కాలేదు, కొంత సమయం తర్వాత ప్రయత్నించండి." ఇది నోటీసు బోర్డు భాష, పైగా కొంత సమయమంటే ఎంత? తర్వాతది "కంగారు పడకండి, మీ డబ్బు సురక్షితం." దీన్ని సపోర్ట్ ఆవిడకి చూపిస్తే నవ్వేసింది. "కంగారు పడకండి అంటేనే కదండీ, కంగారు పడాల్సిందేదో ఉందని తెలిసేది." నిజమే, అప్పటిదాకా మామూలుగా ఉన్నవాడు కూడా ఆ మాట వినగానే లేచి కూర్చుంటాడు. "సురక్షితం" అనడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు.

ఆధారం కావాలంటే కోడ్ మారాలి. డెవలపర్ రెండు పనులు చేశాడు. ఒకటి, ప్రతి బుకింగ్‌కీ ఒక నంబరు తగిలించి పేమెంట్ గేట్‌వేకి, అంటే మాకూ బ్యాంకుకీ మధ్య పేమెంట్ నడిపే సర్వీసుకి, పంపడం, దాంతో అదే బుకింగ్‌కి రెండోసారి నొక్కినా గేట్‌వే దాన్ని కొత్త పేమెంట్‌గా తీసుకోదు. రెండోది, జవాబు రానప్పుడు మా సర్వరే 15 నిమిషాలపాటు గేట్‌వేని అడుగుతూ ఉండటం, అప్పటిదాకా ఆ టైమ్‌ను ఇంకొకరికి ఇవ్వకపోవడం. ఇవి ఉంటేనే నేను మాట ఇవ్వగలను. చివరికి ఇలా వచ్చింది:

```text
పేమెంట్ ఇంకా ఖరారు కాలేదు
ఇప్పుడు మళ్ళీ కట్టకండి. బ్యాంకు జవాబు కోసం చూస్తున్నాం.
10:45 లోపు ఎస్సెమ్మెస్ పంపిస్తాం. అప్పటిదాకా మీ టైమ్ మీకే ఉంటుంది.

[ స్టేటస్ చూపించు ]
```

ఇందులో "మళ్ళీ కట్టకండి" మొదట్లో చివరి వాక్యం. పదిమందికి ఒక్కొక్కరికీ ఐదు సెకన్లు స్క్రీన్ చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని, "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగాను. బాగుందా అని అడగలేదు, అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ఆరుగురు చివరిదాకా చదవనే లేదు. అందుకే అది పైకొచ్చింది. అంతకు ముందు దాన్ని మర్యాదగా "మళ్ళీ కట్టాల్సిన అవసరం లేదు" అని రాశాను, దానికి ఒకాయన "అవసరం లేదంటున్నారు, కానీ కడితే మంచిదేమో" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఇక్కడ మొహమాటం పనికిరాదని. "15 నిమిషాల్లో" అన్నది "10:45 లోపు" అయింది కూడా ఈ పదిమంది వల్లే. స్క్రీన్ ఎప్పుడు తెరిచారో ఎవరికి గుర్తుంటుంది?

ఈ మెసేజ్ మొదట టోస్ట్‌లో వచ్చేది, అదే, ఆండ్రాయిడ్‌లో అడుగున చిన్న పట్టీలా వచ్చి మాయమయ్యేది. అది ఎక్కువలో ఎక్కువ 3.5 సెకన్లు ఉంటుంది. కళ్ళజోడు వెతుక్కునేలోపు పోతుంది, పోయాక "ఏదో వచ్చింది, ఏంటో చూళ్ళేదు" అన్న టెన్షన్ ఒకటి మిగులుతుంది. డబ్బు సంగతి టోస్ట్‌లో చెప్పకూడదని అప్పుడే తేల్చేశాం, దానికి పూర్తి స్క్రీన్ ఇచ్చాం.

ఇక బటన్లు. అపాయింట్‌మెంట్ రద్దు చేసే చోట పాత డబ్బాలో "అపాయింట్‌మెంట్ రద్దు చేయాలా?" అని అడిగి, కింద "రద్దు", "సరే" అని రెండు బటన్లు ఉండేవి. ఇప్పుడు రద్దు కావాలంటే ఏది నొక్కాలి చెప్పండి. ఇంగ్లీషు డబ్బాను పదానికి పదం దించేసిన ఫలితం ఇది. నేను తెలివిగా "అపాయింట్‌మెంట్ రద్దు చేయి", "అపాయింట్‌మెంట్ అలాగే ఉంచు" అని మార్చాను. ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెంచి పెట్టుకున్న ఒకావిడకి ఇస్తే, ఆవిడ స్క్రీన్ మీద రెండూ "అపాయింట్‌మెం…", "అపాయింట్‌మెం…" అని కనిపించాయి! మన భాషలో క్రియ చివర వస్తుంది, కత్తెర కూడా చివరే పడుతుంది, అసలు తేడా చెప్పే మాటే పోతుంది. ప్రశ్నలో అపాయింట్‌మెంట్ అన్న మాట ఎలాగూ ఉంది కాబట్టి బటన్లలో "రద్దు చేయి", "అలాగే ఉంచు" అని మిగిల్చి, పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి పెట్టించాను.

"చేయి" అని ఏకవచనమేంటి, పెద్దవాళ్ళు నొచ్చుకోరా అని టీమ్‌లో పెద్ద చర్చే నడిచింది. నా లెక్క ఏంటంటే, మెసేజ్ అనేది యాప్ మనిషితో మాట్లాడేది, అక్కడ "అండి" ఉండాల్సిందే. బటన్ అనేది మనిషి యాప్‌కి చెప్పేది. అందుకే "స్టేటస్ చూడు" అంటే యాప్ మనల్ని గదమాయించినట్టుంటుంది, "స్టేటస్ చూపించు" అంటే మనం యాప్‌ని అడిగినట్టుంటుంది. పని చేసేది యాప్ అయ్యేలా క్రియ ఎంచుకుంటే ఏకవచనం ఎవరికీ గుచ్చుకోదు. అన్నిచోట్లా కుదరదు, "మళ్ళీ ప్రయత్నించు" ఎటైనా వినిపిస్తుంది, దాన్నిప్పటికీ అలాగే వదిలేశాను.

కొత్త స్క్రీన్ వచ్చాక కాల్స్ తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. వచ్చేవాళ్ళు అడిగేది మాత్రం మారింది: "10:45 అయిపోయింది, ఎస్సెమ్మెస్ రాలేదు." గేట్‌వే అప్పటికీ జవాబివ్వని బుకింగ్‌లు అవి. ఆ టైమ్‌ను ఇక పట్టి ఉంచలేం, డబ్బు సంగతి అప్పటికీ తెలియదు. "మీ బుకింగ్ కాలేదు. డబ్బు కట్ అయి ఉంటే తిరిగి పంపిస్తాం" అని రాసి పెట్టాను. ఎన్ని రోజుల్లో అన్న చోట ఖాళీ ఉంది. అకౌంట్స్ వాళ్ళు ఒక అంకె చెప్పేదాకా ఆ స్క్రీన్‌ను బయటికి వదలొద్దని డెవలపర్‌కి చెప్పాను, ఈలోపు అలాంటి ప్రతి ఒక్కరికీ సపోర్ట్ ఆవిడే ఫోన్ చేస్తోంది.