శుభలేఖలోని ముహూర్తాన్ని ఇంగ్లీషు తేదీగా రాసినప్పుడు

సైన్యంలో పనిచేస్తున్న మా పెద్దమ్మ కొడుకు తన చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టుకోవాలి. అర్జీతో పాటు శుభలేఖ జతచేయమన్నారు. కార్డంతా తెలుగులో ఉంది, వాళ్ల యూనిట్ ఆఫీసులో తెలుగు చదివేవారు లేరు. రాజాం నుంచి పెద్దమ్మ కార్డును ఫోనులో ఫొటో తీసి, విజయనగరంలో ఉన్న నాకు పంపింది. "నాన్నా, ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో రాసి అన్నయ్యకు పంపు. సెలవు దొరక్కపోతే పెళ్లిలో అన్న ఉండడు" అంది.

శుభలేఖలో సమాసాలు చూసి చాలామంది భయపడతారు గానీ, అవి దాదాపు అన్ని కార్డుల్లోనూ ఒకటే. చందన తాంబూలాది సత్కారాలు స్వీకరించమనే వాక్యం భావం తెలిపితే చాలు. సెలవు ఇచ్చే అధికారి చూసేవి మూడే: పెళ్లి ఎవరిది, ఎప్పుడు, ఎక్కడ. వాటిలో నేను ఎక్కువసేపు కూర్చున్నది "ఎప్పుడు" దగ్గర.

మెరూన్ రంగు అట్ట మీద బంగారు అక్షరాలు. ఫ్లాష్ వెలుగు సరిగ్గా ముహూర్తం వరుస మీదే పడింది. మాఘ బహుళ పాడ్యమి అన్నది కనిపిస్తోంది, 12-02-2025 కనిపిస్తోంది, గం. 1-12 ని.లకు అన్నదీ తెలుస్తోంది. దానికి ముందున్న మాట పగలో రాత్రో తెలియడం లేదు. లగ్నం పేరులో "వృ" ఒక్కటే మిగిలింది. అది వృషభమూ కావచ్చు, వృశ్చికమూ కావచ్చు.

లగ్నం తెలిస్తే వేళ తెలుస్తుంది. రోజులో పన్నెండు లగ్నాలు, ఒక్కొక్కటి సుమారు రెండు గంటలు. సూర్యుడు ఏ రాశిలో ఉంటే సూర్యోదయానికి ఆ లగ్నమే నడుస్తుంది. ఫిబ్రవరి రెండో వారం చివర సూర్యుడు మకరం దాటి కుంభంలోకి వస్తాడు. ఆరున్నర ప్రాంతంలో కుంభంతో మొదలుపెట్టి లెక్కిస్తే వృషభం మధ్యాహ్నానికి, వృశ్చికం అర్ధరాత్రి దాటాక వస్తాయి. ఈ రెండూ ఒకదానికొకటి ఏడో రాశులు కాబట్టి వాటి మధ్య సుమారు పన్నెండు గంటల తేడా ఉంటుంది. అంటే 1-12కు పగలైతే వృషభం, రాత్రయితే వృశ్చికం. చెరిగిన అక్షరాలను ఎటు పూరించినా లెక్క సరిపోతుంది! ఇలాంటిచోట ఊహించి రాయకూడదు. రాత్రి ముహూర్తాలే ఎక్కువ కదా అని రాసేయడం కూడా ఊహే.

పెద్దమ్మకు ఫోను చేసి, ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన కార్డును కాస్త ఏటవాలుగా పెట్టి ముహూర్తం వరుసలు మాత్రమే దగ్గరగా తీయమన్నాను. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమన్నాను. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి ఒత్తులు, చిన్న అక్షరాలు కలిసిపోతాయి. ఈసారి వరుస మొత్తం తేటగా వచ్చింది: "శ్రీ క్రోధి నామ సంవత్సర మాఘ బహుళ పాడ్యమి బుధవారం అనగా 12-02-2025 రాత్రి గం. 1-12 ని.లకు (తెల్లవారితే గురువారం) మఖా నక్షత్రయుక్త వృశ్చిక లగ్నమందు".

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. బుధవారం రాత్రి ఒంటిగంట అంటే బుధవారం పొద్దుపోయాక వచ్చే ఒంటిగంట. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రే మారిపోతుంది. కార్డులో ఉన్న అంకెలనే వరుసగా దించి 12వ తేదీ రాత్రి 1-12 అని ఇంగ్లీషులో రాస్తే, చదివేవారు మంగళవారం రాత్రి గడిచాక వచ్చిన ఒంటిగంట అనుకుంటారు. పెళ్లి ఇరవైనాలుగు గంటలు ముందుకు జరిగిపోతుంది. అలాగని ప్రతి కార్డుకూ ఒకరోజు కలపడమూ తప్పే. కొందరు ముందే 13వ తేదీ గురువారం తెల్లవారుజామున అని అచ్చువేయిస్తారు. దానికి మళ్లీ ఒకటి కలిపితే 14 అవుతుంది.

అందుకే ఏ రాత్రో తిథి, నక్షత్రాలతో సరిచూసుకున్నాను. గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. ఫిబ్రవరి 12 మాఘ పౌర్ణమి. ఆ గడిలో పౌర్ణమి, ఆశ్లేష రెండూ రాత్రి ఏడు, ఎనిమిది గంటల మధ్య ముగుస్తాయని ఉంది. అక్కడి నుంచి మరునాటి రాత్రి దాకా పాడ్యమి, మఖ. ఇప్పుడు మూడు రాత్రులనూ పోల్చవచ్చు. మంగళవారం రాత్రి ఒంటిగంటకు పౌర్ణమి, ఆశ్లేష ఉన్నాయి, ఆశ్లేషలో పెళ్లి ముహూర్తం పెట్టరు. గురువారం రాత్రి ఒంటిగంటకు విదియ, పుబ్బ వచ్చేశాయి. పాడ్యమి, మఖ, రాత్రి 1-12 మూడూ కలిసేది బుధవారం రాత్రి ఒక్కటే. కుండలీకరణంలోని గురువారమూ అదే చెబుతోంది. కాబట్టి ఇంగ్లీషు ప్రతిలో రాయాల్సింది ఇది:

```
13-02-2025, 01:12
```

సైన్యంలో ఇరవైనాలుగు గంటల గడియారమే వాడతారు కాబట్టి పగలా రాత్రా అన్న సందేహానికి తావు లేదు. పక్కనే, బుధవారం రాత్రి గడిచి గురువారం తెల్లవారకముందు అని మాటల్లోనూ రాశాను. కార్డులో 12 అని అచ్చయి ఉండగా అనువాదంలో 13 కనిపిస్తే ఎవరైనా అనుమానిస్తారు. అందుకే రోజును సూర్యోదయం నుంచి లెక్కించే పద్ధతిని కింద ఒక్క వాక్యంలో వివరించాను.

కార్డు అడుగున విందు 12వ తేదీ రాత్రి 7 గంటల నుంచి అని ఉంది. ముహూర్తాన్ని తప్పుగా 12 అని దించినా ఈ వరుస ఆ తప్పును పట్టివ్వదు. పెళ్లి అయ్యాక సాయంత్రం రిసెప్షన్ ఇస్తున్నారని చదివేవారు సరిపెట్టుకుంటారు. నిజానికి మన ఇళ్లలో ముందు భోజనాలు, ఆ తర్వాత ముహూర్తం.

పేర్ల దగ్గర సొంత ఇష్టం పనికిరాదు. చి.ల.సౌ., చి. అన్నవి పేరులో భాగం కావు. పెద్దనాన్న పేరును అన్నయ్య సర్వీసు రికార్డులో ఏ స్పెల్లింగుతో ఉందో అలాగే రాశాను. పెళ్లికూతురు అతని చెల్లెలని ఆఫీసు తెలుసుకునేది ఆ తండ్రి పేరు చూసే. ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే మనిషి అనుకోవచ్చు. పెళ్లికూతురి పేరుకు ఆమె ఆధార్ కార్డు చూశాను.

చిరునామాలో రాజాం, శ్రీకాకుళం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అలవాటు కొద్దీ కార్డుల్లో పాత జిల్లా ఇంకా అచ్చవుతూనే ఉంది. నేను కార్డులో ఉన్నట్టే శ్రీకాకుళం అని రాసి, ప్రస్తుత జిల్లా ఏదో కింద సూచించాను. దిద్దేస్తే అది అనువాదం కాదు. దిద్దకుండా, సూచన లేకుండా వదిలేస్తే అన్నయ్య అర్జీలోని చిరునామాతో పొసగదు.

అంతా పంపాక అన్నయ్య ఫోను చేసి, రాట వేసే రోజుకూ పెళ్లికూతురిని చేసే రోజుకూ తాను ఉండాలని, ఆ తేదీలు కూడా ఇంగ్లీషు ప్రతిలో కలపమని అడిగాడు. చెల్లెలి పెళ్లిలో రాట దగ్గర అన్న ఉండాలన్నది నాకూ ఉంది. కానీ అవి కార్డులో లేవు. "అన్నయ్యా, అవి నీ అర్జీలో నువ్వే రాయి. ఈ కాగితంలో కార్డులో ఉన్నదే ఉండాలి" అన్నాను. ఆ రెండు తేదీలనూ పెద్దమ్మను అడిగి, అర్జీ కోసం విడిగా రాసి పంపాను.