ఉప్పు మీదికి నెట్టేసిన రాత్రి

ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను కాబట్టి రాయగలుగుతున్నాను. ఆరు నెలల కిందట ఈ విషయం ఎవరైనా ఎత్తినా నాకు చెమటలు పట్టేవి.

నాది లివర్ సిరోసిస్. పొట్టలో నీరు చేరడం మొదలైనప్పుడు మొదటిసారి ట్యాపింగ్ చేశారు. అందరూ భయపెట్టారు గానీ పొట్ట ఎడమవైపు కింద చిన్న మత్తు సూది వేసి, సన్నని సూదితో కొంచెం నీరు లాగారు. పది నిమిషాల పని. నీరు లేత పసుపు రంగులో తేటగా ఉంది. అది సిరోసిస్ నీరేనని, ఇన్ఫెక్షన్ లేదని చెప్పి, నీటి మాత్రలు రాసి, రోజుకు 5 గ్రాములు మించి ఉప్పు వద్దన్నారు. అంటే రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా, ప్యాకెట్ తిండిలో ఉన్న ఉప్పుతో కూడా కలిపి. ఉప్పు బదులు వాడే 'లో సోడియం' ఉప్పు కొందామనుకుంటే డాక్టరే ఆపారు. దాంట్లో పొటాషియం ఉంటుందట, నేను వేసుకుంటున్న నీటి మాత్ర స్పైరనోలాక్టోన్‌తో కలిస్తే ఒంట్లో పొటాషియం పెరిగి గుండెకే ప్రమాదమట. ఆ మాట చెప్పినందుకు ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

కానీ ఆ రిపోర్టులోనే ఇంకో అంకె ఉంది. నీటిలో ప్రొటీన్ 0.9. అది 1.5 కంటే తక్కువుంటే ఆ నీటికి క్రిములతో పోరాడే శక్తి తక్కువని, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువని నాకు తెలిసింది తర్వాతే. ఎవరూ చెప్పలేదు. కోపం ఇంకా పోలేదు.

నెల తర్వాత పొట్ట మళ్లీ బిగిసింది. కొంచెం నొప్పి, జ్వరం 99.8 దాటలేదు. ఆ సాయంత్రం ఎమర్జెన్సీకి వెళ్తే డ్యూటీ డాక్టరు నా వైపు సరిగా చూడకుండానే, "ఉప్పు మానలేదు కదా? అందుకే నీరు. పోయిన నెలే ట్యాపింగ్ చేశారు, మళ్లీ ఎందుకు? ప్లేట్‌లెట్లు కూడా 62 వేలే" అని జ్వరం మాత్ర ఇచ్చి పంపేశారు. దొంగతనంగా తిని దొరికిపోయినవాడిలా తల దించుకుని ఇంటికొచ్చాను. నిజంగానే రెండు రోజులు నోరు కట్టుకోలేదు, అందుకే ఎదురు మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది, మిగతాది మా ఆవిడ చెప్పింది. రెండు గంటలప్పుడు లేచి చొక్కా తిరగేసి వేసుకుని ఆఫీసుకు బయల్దేరానట. "ఏవండీ, ఈరోజు ఏ వారం?" అంటే ఏదో నెల పేరు చెప్పానట. సాయంత్రం నుంచి మూత్రం కూడా రాలేదు. తెల్లారేదాకా ఆగుదామని మా తమ్ముడు అన్నాడట, ఆవిడ వినలేదు. ఆవిడ విని ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాను.

ఈసారి వేరే ఆసుపత్రి. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ అరగంటలో ట్యాపింగ్ చేసింది. ప్లేట్‌లెట్ల సంగతి మావాళ్లు అడిగితే, ఇంత సన్నని సూదికి ఆ సంఖ్య అడ్డం కాదని చెప్పిందట. నీరు మసకగా వచ్చింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కొంత నీటిని మంచం పక్కనే, క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ సీసాల్లో నింపి పంపింది. నీటిలో చీము కణాలు, అంటే న్యూట్రోఫిల్స్, 250 ఉంటేనే ఇన్ఫెక్షన్ కింద లెక్క. నాకు 1,140. కల్చర్ కోసం ఆగకుండా అప్పుడే సెఫోటాక్సిమ్ ఎక్కించారు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9 నుంచి 1.7కి పెరిగింది. ఈ ఇన్ఫెక్షన్‌లో మనిషిని ఎక్కువగా దెబ్బతీసేది కిడ్నీలు పాడవడమేనట. అందుకే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా నరంలోకి ఎక్కించారు. నా బరువు 60 కిలోలు కాబట్టి మొదటి రోజు 90 గ్రాములు, మూడో రోజు 60. రెండు రోజులకు మళ్లీ ట్యాపింగ్ చేస్తే కణాలు 210కి దిగాయి. అప్పుడుగానీ మా ఆవిడ అన్నం తినలేదు.

డిశ్చార్జి రోజున ఆ డాక్టరమ్మను అడిగాను, ఇదంతా నేను తిన్న ఉప్పు వల్లేనా అని. "ఉప్పు నీటిని పెంచుతుంది. నీటిలో చీము పుట్టించదు. పేగుల్లోని క్రిములు ఆ నీటిలోకి చేరాయి, అంతే" అంది. ఆ మాటకు ఏడ్చేశాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ఉప్పు విషయంలో ఇప్పుడూ గట్టిగానే ఉన్నాను. ఒకసారి వచ్చిన ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చే అవకాశం ఉందని రోజూ ఒక యాంటీబయాటిక్ మాత్ర వేసుకుంటున్నాను. లివర్ మార్పిడి గురించి కూడా మాట్లాడుతున్నారు, దేవుడి దయ. మీలో ఎవరికైనా పొట్టలో నీరు ఉండి, చిన్న జ్వరమో నొప్పో వచ్చినా, మాట తికమకపడినా, ఆ రోజే ట్యాపింగ్ చేయమని అడగండి. తిట్టినా సరే, అక్కణ్ణుంచి కదలకండి.

మా ఆవిడ ఇప్పటికీ పడుకునే ముందు "రేపు ఏ వారం?" అని అడుగుతుంది. మొన్న సరదాకి తప్పు చెప్పాను. తను అప్పటికే చెప్పులేసుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. మళ్లీ ఆ సరదా చేయలేదు.