ఆఫీసుకు పరుగు, స్నానానికి తాళం చెవి

నిన్న సాయంత్రం మా ఆఫీసు వెనకాల ఉన్న బాత్రూం తాళం చెవి నా చేతికొచ్చింది. జూన్‌లో అడిగితే అక్టోబరులో ఇచ్చారు. ఆ సంతోషంలోనే కూర్చుని రాస్తున్నాను.

మా ఇల్లు కాజీపేట, ఆఫీసు హనుమకొండ చౌరస్తా దగ్గర. ఫాతిమానగర్ దాటి, నిట్ గేటు ముందు నుంచి (మా నాన్నకు అది ఇప్పటికీ ఆర్‌ఈసీయే) పోతే ఆరున్నర కిలోమీటర్లు. హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను గానీ పొద్దున పాపను బస్సెక్కించేసరికి ఏడున్నర అవుతుంది, ఆ తర్వాత విడిగా పరుగుకు టైం లేదు. ఎట్లాగూ పోవాల్సిన దారే కదా, పరుగెత్తుకుంటూ పోదామనుకున్నాను.

బ్యాగు సంగతి తొందరగానే తేలింది. ల్యాప్‌టాప్ బ్యాగుతో మొదటి రోజు ఫాతిమానగర్ వచ్చేసరికే భుజాలు ఒరుసుకుపోయాయి. తర్వాత ఛాతీకి, నడుముకు పట్టీలున్న 12 లీటర్ల చిన్న బ్యాగు కొన్నాను. ఇంట్లో నిలబడి నాలుగుసార్లు ఎగిరి చూడండి. మీరు దిగాక బ్యాగు వచ్చి వీపు మీద పడుతోందంటే లోపల ఖాళీ ఉన్నట్టు, లేదా పట్టీలు వదులైనట్టు. ఆ ఖాళీలో తువ్వాల కుక్కితే సరిపోతుంది. వీపు వైపు మెత్తటివి, బయటి వైపు ఫోను, తాళాలు పెట్టాలి. వాన లేకపోయినా బట్టలు పాలిథిన్ కవర్లోనే ఉండాలి, ఎందుకంటే బ్యాగును తడిపేది వాన కన్నా ముందు మన వీపు చెమటే.

బరువు రెండు కిలోలు దాటనివ్వను. దానికి ఉపాయం బండే. సోమవారం బండి మీద పోయి రెండు ప్యాంట్లు, రెండు ఇస్త్రీ చొక్కాలు, బెల్టు, సబ్బు ఆఫీసు అల్మారాలో పెడతాను. చెప్పులు, బూట్లు ఎట్లాగూ టేబుల్ కిందే ఉంటాయి. సాయంత్రం బండి అక్కడే వదిలేసి ఆటోలో ఇంటికొస్తాను. మంగళవారం పొద్దున పరుగు, సాయంత్రం బండి మీద తిరుగు ప్రయాణం. బుధ, గురువారాలు మళ్లీ అదే వరస. బండి ఎక్కడుందో మా ఆవిడకు ఏ రోజూ అర్థం కాదు. "మీ బండి ఇంట్ల కంటే ఆఫీసుల్నే ఎక్కువుంటది" అంటుంది. పరుగు రోజున బ్యాగులో ఉండేవి బనీను, డ్రాయరు, సాక్సులు, తువ్వాల, ఫోను. అంతే.

అసలు కథ స్నానంతో మొదలైంది.

మొదటి మంగళవారం ఎనిమిది నలభైకి ఆఫీసుకు చేరాను. వెంటనే బాత్రూంలో దూరి రెండు మగ్గులు పోసుకుని, తుడుచుకుని, చొక్కా తొడిగాను. కౌంటర్లో కూర్చున్న పది నిమిషాలకు నెత్తి మీంచి చెమట ధారగా కారడం మొదలైంది. లేత నీలం చొక్కా వీపంతా ముదురు నీలమైంది. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫారం నా చేతిలో పెడుతూ, "ఏమైంది బిడ్డా, జరమొచ్చిందా?" అని అడిగాడు. పక్క సీటాయన నవ్వాపుకోలేక లేచిపోయాడు. స్నానం చేసొచ్చిన మనిషిని నేను, కానీ ఆ మాట ఎవరితో చెప్పుకోను?

గురువారం కూడా అంతే. ఇంకా ఎక్కువ సబ్బు, ఇంకా ఎక్కువ నీళ్లు, అదే చెమట. నాకేదో రోగముందేమోనని కూడా అనుకున్నాను. ఆలోచిస్తే విషయం చిన్నదే. పరుగెత్తుతున్నప్పుడు ఎదురుగాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంటుంది. ఆగామా, ఆ గాలి ఆగిపోతుంది, ఒంట్లో పుట్టిన వేడి మాత్రం అలాగే ఉంటుంది. చల్లనీళ్లు పైపైన చర్మాన్ని చల్లబరుస్తాయి. లోపలి వేడి ఆ తర్వాత తాపీగా బయటికొస్తుంది, అప్పటికి మనం చొక్కాలో ఉంటాం. వానాకాలపు ఉక్కలో చెమట ఆరదు కాబట్టి ఇంకా ఘోరం.

అందుకని ఇప్పుడు చివరి అర కిలోమీటరు నడుస్తాను. ఆఫీసులో ఫ్యాను కింద బనీనుతో పావుగంట కూర్చుని నీళ్లు తాగుతాను. నుదురు తుడుచుకున్నాక మళ్లీ చెమ్మ పట్టకపోతేనే స్నానానికి లేస్తాను. స్నానమయ్యాక కూడా ఐదు నిమిషాలు చొక్కా తొడగను. మొత్తం నలభై నిమిషాలు పెట్టుకోవాలి. తొమ్మిదిన్నర ఆఫీసుకు ఎనిమిది యాభై దాటాక చేరితే మళ్లీ ఆ పెద్దాయన ప్రశ్నే.

ఈ ఉపాయం దొరికేలోపే తాళం పడింది. మా పెద్దసారు ఒకరోజు ముందే వచ్చి, బనీను మీద, భుజాన తువ్వాలతో నన్ను చూశారు. అందరి ముందు, "గిది ఆఫీసా, సత్రమా?" అన్నారు. మర్నాడు వెనక బాత్రూంకు తాళం. అదే సారు మధ్యాహ్నం కుర్చీలో గురక పెడితే సత్రం గుర్తు రాదు, సరే. దాంతో నిన్నటిదాకా చేతులు కడుక్కునే కుళాయి దగ్గర తువ్వాల తడిపి ఒళ్లు తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా సరిపోతుంది. ముఖం, మెడ, చంకలు, గజ్జలు, పాదాలు, ఈ వరసలో రెండుసార్లు తుడిస్తే వాసన రాదు. వాసన వచ్చేది తాజా చెమటకు కాదు, తడి బట్టలకు. మొదట్లో విడిచిన జెర్సీని కవర్లో మూటగట్టి సాయంత్రం దాకా బ్యాగులో ఉంచేవాణ్ణి. ఆ వాసన మూడు ఉతుకులకు కూడా వదల్లేదు. ఇప్పుడు అప్పుడే నీళ్లలో జాడించి, తువ్వాలలో చుట్టి మెలిపెట్టి పిండుతాను, జనరేటర్ పక్కన తీగ మీద ఆరేస్తాను. నూలు బనీనుతో మాత్రం పరుగెత్తకండి. నీళ్లు తాగినట్టు చెమట తాగి, పట్టీల కింద ఒరుసుకుంటుంది. నేను భుజాలకు, చంకలకు కొబ్బరినూనె రాస్తాను.

శిక్షణ విషయంలో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. మొదటి మూడు వారాలు వారానికి ఐదు రోజులు పరుగెత్తాను. రోజూ ఆలస్యమే, రోజూ గడియారాన్ని చూసుకుంటూ ఉరుకే. వీపు మీద బరువు, కింద డాంబరు. ముంగాలి ఎముక లోపలి అంచు నొప్పెట్టింది, బొటనవేలితో నొక్కితే ప్రాణం పోయేది. పది రోజులు పరుగు ఆపాల్సొచ్చింది. ఇప్పుడు బ్యాగున్న రోజు నెమ్మది పరుగే. పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగేంత, అంటే కిలోమీటరుకు ఏడు నిమిషాలు. వేగం పెంచేది శనివారం, నెహ్రూ స్టేడియంలో, ఖాళీ వీపుతో. ఆదివారం పొద్దున భద్రకాళి చెరువు కట్ట వైపు 14 కిలోమీటర్ల దాకా. ఆలస్యమైన రోజు పరుగు మానేసి ఆటో ఎక్కుతాను, వేగం పెంచను. పక్క సీటాయన మాత్రం ఇంకా నన్ను "ఆటోకు పైసల్లేవా" అని ఆటపట్టిస్తాడు. ఆయన మెట్లెక్కి వచ్చి రెండు నిమిషాలు ఆయాసపడ్డాకే ఆ మాటంటాడు.

చెవి ఇప్పించింది సారు కాదు, మా వాచ్‌మన్ అన్న. వాళ్లబ్బాయి కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. ఉత్త కాళ్లతో పరుగెత్తితే ఏమవుతుందో, రోజూ పూర్తి వేగంతో పోతే ఏమవుతుందో అన్నకు చెప్పాను, నా ముంగాలు చూపించాను. నాలుగు రోజుల తర్వాత సారు దగ్గరికి ఆయనే పోయి, "బాత్రూం నేనే కడిగించుకుంట సార్, గాయనకు చెవియ్యుండ్రి" అన్నాడట. సారు ఏమన్నారో అన్న చెప్పలేదు, నేను అడగలేదు.

గురువారం పొద్దున వాళ్లబ్బాయి నిట్ గేటు దగ్గర నిలబడతానన్నాడు. బ్యాగు తేవొద్దని చెప్పాను.