వార్నింగ్ లెటర్ అందుకున్న ఏసీ టెక్నీషియన్ తమ్ముడికి

తమ్ముడూ,

నిన్న హెచ్ఆర్ ఆఫీసులో నీకిచ్చిన కాగితం ఇంగ్లీషులో, అరబిక్‌లో ఉంది. క్యాంపులో దాన్ని తలా ఒక రకంగా చదివి, వీసా క్యాన్సిల్ చేస్తారని ఒకరు, ఈ నెల జీతం ఆపేస్తారని ఇంకొకరు అన్నారట, రాత్రి నువ్వు అన్నం కూడా తినలేదని నీ రూమ్‌మేట్ చెప్పాడు. ఊళ్లో మిత్తికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదని నాకు తెలుసు, ఆ భయం ఎలా ఉంటుందో కూడా తెలుసు. అందుకే ఆ కాగితంలో ఏముందో, ఎందుకిచ్చామో, ఇకనుంచి నీ దగ్గర నాకేం కావాలో తెలుగులో రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందు నీ టెన్షన్ సంగతి. నీకిచ్చింది మొదటి హెచ్చరిక. యూఏఈలో ఇప్పుడు నడుస్తున్న 2021 కార్మిక చట్టం 39వ ఆర్టికల్‌లో కంపెనీ ఎలాంటి శిక్షలు వేయొచ్చో రాసి ఉంది. రాతపూర్వక హెచ్చరిక అందులో చిన్న శిక్షల్లో ఒకటి. జీతం కోత వేరే శిక్ష, అది కూడా నెలకు 5 రోజుల జీతానికి మించకూడదు, అది నీకు వేయలేదు. నీ జీతం మామూలుగానే బ్యాంకులో పడుతుంది, వీసా జోలికి ఎవరూ పోవడం లేదు. నువ్వు పెట్టిన సంతకం కాగితం ముట్టినట్టు మాత్రమే, తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఆ మాట సంతకం పైనే రాసి ఉంది.

ఇక అసలు విషయం. ఆగస్టులో 11వ అంతస్తు ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్ తడిసి జిప్సం బోర్డు ఊడి పడింది. అదృష్టం కొద్దీ ఆ గదిలో అప్పుడు ఎవరూ లేరు, కానీ ఆ ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. యూనిట్ విప్పి చూస్తే డ్రెయిన్ ట్రే నిండా జెల్లీ లాంటి పాకుడు, పైపు పూర్తిగా మూసుకుపోయి ఉంది, నీళ్లు నిండితే కరెంటు ఆపాల్సిన ఫ్లోట్ స్విచ్ ఆ పాకుడులోనే ఇరుక్కుని పైకి లేవలేదు. ఇది ఒక్కరోజులో జరిగే పని కాదు. ట్రే గోడ మీద గోధుమరంగు గీత పడి ఉంది, అంటే నీళ్లు చాలా రోజులు అక్కడ నిలిచాయని అర్థం. కానీ ఆ యూనిట్‌కు జూలైలో పీపీఎం సర్వీసు అయిపోయిందని, డ్రెయిన్ ఫ్లష్ చేశామని, ఫ్లోట్ స్విచ్ బాగుందని నీ పేరు మీద టిక్కులు ఉన్నాయి.

యాప్‌లో టైము చూశాం. ఆ యూనిట్ జాబ్ తెరిచిన 4 నిమిషాలకు మూసేశావు. నిచ్చెన వేసి, యాక్సెస్ ప్యానెల్ తీసి, ఫిల్టర్ కడిగి, ట్రే తుడిచి, నీళ్లు పోసి చూడటానికి తక్కువలో తక్కువ 40 నిమిషాలు పడుతుంది, ఆ సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. అదే రోజు ఇంకా కొన్ని యూనిట్లు అంతే వేగంగా మూసినట్టు కనపడింది.

విచారణలో నీ మాట విన్నారు, రాసుకున్నారు, అది నీ ఫైల్‌లో ఉంది. రోజుకు 14 యూనిట్లు ఇచ్చారని, హెల్పర్ లేడని, సగం ఫ్లాట్లలో తలుపు తీయలేదని చెప్పావు. ప్లానర్ దగ్గర షీట్లు తెప్పించి చూశాను, నువ్వు చెప్పింది నిజం. అంత పని ఒక మనిషి చేయలేడు, అందుకే శిక్ష మొదటి హెచ్చరిక దగ్గర ఆగింది. అయినా హెచ్చరిక ఎందుకంటే, పని పూర్తి కానందుకు కాదు, కాని పనికి టిక్ పెట్టినందుకు. తక్కువ పని చేశావని తెలిస్తే మనిషిని ఇస్తాం, టైము ఇస్తాం. అయిపోయిందని రాస్తే ఆ యూనిట్ వైపు మూడు నెలల దాకా ఎవరూ వెళ్లరు, గాలిలో తేమ బాగా ఉండే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ ట్రేలో రోజంతా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఈ విషయంలో నేను మెత్తబడను.

ఇకనుంచి నీకు రోజుకు 8 యూనిట్లే వస్తాయి, ప్లానర్‌తో మాట్లాడి మార్పించాను. ఒక హెల్పర్ ఉంటాడు, వెట్ వ్యాక్యూమ్ ఒకటి మీ ఇద్దరికే కేటాయించాం, స్టోర్‌లో సంతకం పెట్టి తీసుకో. మొదటి రెండు వారాలు మన సీనియర్ టెక్నీషియన్ నీతో వస్తాడు. నిన్ను కాపలా కాయడానికి కాదు, మూసుకుపోయిన లైన్ తెరవడంలో అతనికి మంచి చెయ్యి ఉంది, నేర్చుకో.

పని ఇలా జరగాలి. ట్రే తుడవకముందు ఒక ఫోటో, తుడిచాక ఒక ఫోటో. డ్రెయిన్ లైన్‌ను బయటి చివర నుంచి వ్యాక్యూమ్‌తో లాగాక ట్రేలో రెండు లీటర్ల నీళ్లు పోసి, అక్కడే నిలబడి చూడు. గుడగుడమంటూ ఆగి ఆగి దిగితే లోపల ఇంకా అడ్డం ఉన్నట్టే, మళ్లీ లాగాలి. ఫ్లోట్ స్విచ్‌ను కంటితో చూసి వదిలేయకు, వేలితో పైకి లేపు, యూనిట్ ఆగిందా లేదా చూడు. యాక్సెస్ ప్యానెల్ అంచుల్లో పసుపు మరక కనపడితే ఆ యూనిట్‌కు ఎంత టైము పట్టినా పట్టనీ, మిగతావి మర్నాటికి జరిగినా ఫరవాలేదు.

తలుపు తీయకపోతే 'నో యాక్సెస్' అని పెట్టు, తలుపు ఫోటో తీసి సెక్యూరిటీ డెస్క్‌లో చెప్పు. సాయంత్రానికి 5 యూనిట్లే అయితే 5 అనే రాయి. 'నో యాక్సెస్' ఎక్కువయ్యాయని ఎవరైనా నిన్ను గదమాయిస్తే నాకు ఫోన్ చెయ్యి, ఆ మాట వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు మూసిన యూనిట్లలో వారానికి మూడు నేను విప్పి చూస్తాను, ఏవో ముందుగా చెప్పను. చూసేటప్పుడు నిన్నూ పిలుస్తాను, నీ వెనకాల చూసి రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఈ హెచ్చరిక మన కంపెనీ రూల్ ప్రకారం 6 నెలలు ఫైల్‌లో ఉంటుంది. ఈ లోపు మళ్లీ చేయని పనికి టిక్ పడితే రెండో విచారణ, రెండో హెచ్చరిక వస్తాయి. చట్టంలో 44వ ఆర్టికల్ ఉంది. విచారణ జరిగి, రెండుసార్లు రాతపూర్వకంగా హెచ్చరించాక కూడా అదే తప్పు కొనసాగితే నోటీసు లేకుండా ఉద్యోగం తీసేసే వీలు దాని ప్రకారం ఉంది. ఇది నిన్ను బెదిరించడానికి రాయడం లేదు, నీకు తెలియకుండా దాచడం నీకు మంచిది కాదు కాబట్టి రాస్తున్నాను.

ఈ హెచ్చరిక అన్యాయం అనిపిస్తే అభ్యంతరం రాసివ్వు, తెలుగులో రాసినా పర్వాలేదు, ఇంగ్లీషులో నేను కాకుండా హెచ్ఆర్‌లో వేరే వాళ్లతో రాయిస్తాను. కంపెనీలో తేలకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు, అదే మనవాళ్లు మోహ్రే అంటారు కదా, అక్కడికి ఫిర్యాదు చేసుకోవచ్చు. న్యాయమైన ఫిర్యాదు చేశాడని మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు. నువ్వు వెళ్లినా నేను నీతో మాట్లాడే తీరు మారదు.

ఇంటి దగ్గర ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. చెబితే మాత్రం ఉద్యోగం పోలేదని, జీతం ఆగలేదని ముందు చెప్పు, అమ్మానాన్నలు ఫోన్‌లో సగం విని బెంగపెట్టుకుంటారు.

ఎల్లుండి ఉదయం 7 గంటలకు స్టోర్ దగ్గర కలుద్దాం. 9వ అంతస్తుతో మొదలుపెడుతున్నాం, జూలైలో వేగంగా మూసిన యూనిట్లన్నీ ముందు తెరవాలి. వాటి లిస్టు నీ ఫోన్‌కు పంపాను. అందులో నువ్వు నిజంగా చేసినవి ఏవైనా ఉంటే రేపు సాయంత్రంలోగా వాటి నంబర్లు రాసి పంపు.

ఉంటాను,
మీ మేనేజర్ అన్న