గూట్లో పెట్టిన పుస్తకం: ఒక్క షేరు ఆధారంగా ఒక గజల్‌ను పోల్చుకున్న నా అనుభవం

హైదరాబాదులో ఒక దర్గా ఆవరణలో, గురువారం రాత్రి ఇషా నమాజు తర్వాత మొదలైన ఖవ్వాలీని మిత్రుడి వెంట వెళ్లి విన్నాను. ఫోనులో రికార్డు చేసుకోవడం మర్యాద కాదనిపించి చేయలేదు. ఇంటికి చేరేసరికి నా దగ్గర మిగిలినవి కొన్నే: ఒక షేరులోని, అంటే గజల్‌లో రెండు పాదాల పద్యంలోని, రెండో పాదం, అది కూడా కొంచెం చెదిరినది, తోట ఒకటి కాలిపోయిందనే ఊహ, మధ్యలో వినిపించిన ‘ఖుస్రో’ అనే పేరు, బృందం చప్పట్లతో పదేపదే అందుకున్న ‘రహీ’ అనే మాట. నాకు గుర్తున్న పాదం ఇది: ‘కి కితాబ్ అక్ల్ కీ తాఖ్ మే, జో ధరీ థీ త్యూఁ హీ ధరీ రహీ’. తాఖ్ అంటే గోడలో ఉండే గూడు. బుద్ధి అనే పుస్తకం గూట్లో పెట్టింది పెట్టినట్టే ఉండిపోయిందని అర్థం. ఈ మాట పది రోజులపాటు నన్ను వదల్లేదు.

మొదట చేసిన పని అందరూ చేసేదే. గుర్తున్న పాదాన్ని `kitab akal ki tak me jo dhari thi` అని టైపు చేసి వెతికాను. ఏమీ రాలేదు. అప్పుడు విన్న పేరును పట్టుకుని, ఇది అమీర్ ఖుస్రో రచనే అయి ఉంటుందని తీర్మానించుకుని, ఆయన పేరు మీద చెలామణీలో ఉన్న గీతాలను రెండు సాయంత్రాలు తిరగేశాను. ఆ రెండు సాయంత్రాలూ వృథా అయ్యాయి. ఖవ్వాలీలో వినిపించే కవి పేరు ఆ పాట కవిది కానక్కర లేదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

నాకు దారి చూపినవారు మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు. నేను కథంతా చెప్పబోతుంటే ఆయన చేయి అడ్డం పెట్టి, “కథ తర్వాత చెప్పండి బాబూ, ముందు ఆ ఖుస్రో పేరున్న ముక్క ఏ నడకలో పాడారో చెప్పండి” అన్నారు. నేను గుర్తు చేసుకుని చెప్పాను: ఆ చోట చప్పట్లు ఆగిపోయాయి, తబలా ఆగింది, ముఖ్య గాయకుడు ఒక్కడే హార్మోనియం శ్రుతి మీద ‘ఖుస్రో దరియా ప్రేమ్ కా, ఉల్టీ వా కీ ధార్’ అంటూ సాగదీసి పాడాడు, ఆ తర్వాతే బృందమంతా మళ్లీ ‘రహీ’ మీద పడింది. ఆయన నవ్వి, “అది గిరహ్ అండీ. అసలు గజల్‌తో దానికి సంబంధం లేదు” అన్నారు.

గిరహ్ అంటే ముడి. ఒక షేరులోని భావానికి దగ్గరగా ఉండే మరో కవి పద్యాన్ని, అది రెండు పాదాల హిందీ పద్యమైన దోహా కావచ్చు, ఫార్సీ షేరు కావచ్చు, ఖవ్వాలు మధ్యలో తెచ్చి ముడివేసి, తిరిగి అసలు పల్లవికి వస్తాడు. ప్రేమ నది ఎదురు దిశలో ప్రవహిస్తుందని, అందులో మునిగినవాడే దరి చేరతాడని చెప్పే ఆ దోహా, బుద్ధి గూట్లో ఉండిపోయిందన్న షేరు పక్కన ఎంత చక్కగా అమరుతుందో చెప్పనక్కర లేదు. కాని పోల్చుకోవాలనుకునేవారికి ఇదే పెద్ద ఉచ్చు. గుర్తున్న ముక్క గిరహ్‌లోది అయితే, దాన్ని పట్టుకుని ఎంత వెతికినా మనం విన్న పాట దొరకదు. వినేటప్పుడే గమనించగలిగిన గుర్తు ఒకటుంది: గిరహ్‌ను తరచుగా తాళం లేకుండానో, తాళం సన్నగిల్లాకనో పాడతారు; దాని చివర పల్లవి మాట ఉండదు; అది ముగిసిన వెంటనే బృందం పాత మాటను గట్టిగా అందుకుంటుంది. ఈ లెక్కన నా దగ్గరున్న వాటిలో ఖుస్రో పేరు కొట్టివేయవలసినది, ‘ధరీ రహీ’ మాత్రమే నిలబడేది.

ఇక ఆ పాదాన్ని చూద్దాం. గజల్‌లో మొదటి షేరైన మత్లాలో రెండు పాదాలూ, తర్వాతి షేర్లలో రెండో పాదం మాత్రమే, ఒకే రదీఫ్‌తో ముగుస్తాయి. రదీఫ్ అంటే మారకుండా తిరిగివచ్చే మాట. దానికి ముందు వచ్చే ప్రాసమాట కాఫియా. మత్లా కాని ఒక్క షేరు మాత్రమే గుర్తున్నప్పుడు ఏది రదీఫో ఏది కాఫియానో తేల్చడం సాధ్యం కాదు. నేను ‘ధరీ రహీ’ మొత్తం రదీఫ్ అనుకున్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. బృందం తిరిగి తిరిగి అందుకున్నది ‘రహీ’ ఒక్కటే అయితే రదీఫ్ అదే, ‘ధరీ’ కాఫియా అన్నారు. అంటే మిగిలిన షేర్లలో ‘-అరీ’ అని ముగిసే వేరే మాటలు ఉండాలి. నా చెవికి ‘హరీ రహీ’ అన్నది కూడా తగిలినట్టు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. కాలిన తోటలో పచ్చగా మిగిలిన కొమ్మ గురించి. ఈ ఒక్క మాటతో కాఫియా స్థిరపడింది. ఖవ్వాలీలో బృందం పట్టుకునే మాట సాధారణంగా రదీఫ్ ఉన్న తునకే కాబట్టి, పాడే పద్ధతి ఇక్కడ ఛందస్సుకు సాక్ష్యం పలికింది.

తర్వాత నడక. దీన్ని చప్పట్లను బట్టి లెక్కించబోయి నేను మరోసారి పొరబడ్డాను. ఖవ్వాలీ ఎక్కువగా ఎనిమిది మాత్రల కహర్వాలోనో, ఆరు మాత్రల దాద్రాలోనో సాగుతుంది. పద్యం ఏ ఛందస్సులో ఉన్నా గాయకుడు అక్షరాలను సాగదీసి ఆ తాళంలో కూర్చుతాడు. కాబట్టి మాటలనే విడగొట్టి చూడాలి. మాస్టారు నాకు ఆ షేరు మొదటి పాదం అందించారు, నేను తెలుగు గురులఘువుల లెక్కలో రాసుకున్నాను:

వొ అజబ్ ఘడీ | థి మె జిస్ ఘడీ | లియ దర్స నుస్ | ఖయె ఇష్ఖ కా

రెండు లఘువులు, గురువు, లఘువు, గురువు, ఇది నాలుగుసార్లు. అరబ్బీ ఛందస్సులో దీన్ని ‘ముతఫాయిలున్’ అంటారు, వృత్తం పేరు బహర్-ఎ-కామిల్. మొదటి రెండు లఘువులను పక్కన పెట్టి మిగిలినదాన్ని చదివితే అది అచ్చంగా మన మత్తకోకిల పాదం. గురువు, లఘువు, గురువు, రెండు లఘువులు మూడుసార్లు, చివర గురువు, లఘువు, గురువు. ఇది పట్టుకున్నాక నాకు ఇక చెవి తప్పలేదు. ఒకటి మాత్రం గమనించాలి: ఉర్దూలో మాట చివరి దీర్ఘాన్ని అవసరాన్ని బట్టి కురచగా చదువుతారు, ‘కితాబ్’ చివరి పొల్లును ప్రత్యేక లఘువుగా లెక్కిస్తారు. మన పద్ధతిలో పొల్లును ముందు అక్షరానికి కలిపేస్తే లెక్క కుదరదు. ‘కితాబ’ అని రాసుకోవాలి.

ఈ నడక సరేనని పరీక్షించడానికి ఒక సులువైన మార్గం ఉంది. అదే ఛందస్సులో ఉన్న, బాణీ బాగా తెలిసిన మరో గజల్ తీసుకుని, మన షేరును దాని బాణీలో పాడి చూడడం. మోమిన్ రాసిన ‘వో జో హమ్ మే తుమ్ మే ఖరార్ థా’ కామిల్‌లోనే ఉంది. బేగం అఖ్తర్ పాడిన బాణీ చాలామందికి తెలుసు. నా పాదం అందులో ఎక్కడా తొట్రుపడకుండా కూర్చుంది. అదే ఖుస్రో దోహాను ఆ బాణీలో పెట్టబోతే మొదటి మాటకే ఆగిపోయింది. గిరహ్ వేరు, గజల్ వేరు అన్న మాట అప్పుడు నా చెవికే రుజువైంది. అయితే నడక కుదిరినంత మాత్రాన కవి తేలడు. ఇక్బాల్ కూడా ఇదే వృత్తంలో రాశాడు. అంతేకాక ఛందస్సు, కాఫియా, రదీఫ్ కలిసిన దాన్ని ‘జమీన్’ అంటారు, ఒకే జమీన్‌లో పలువురు కవులు రాయడం ఉర్దూ కవి సమ్మేళనాలైన ముషాయిరాల్లో మామూలే.

మళ్లీ వెతకడానికి కూర్చున్నప్పుడు, పాఠాంతరాలు రాగల మాటలను (మే, పర్, జో, జ్యూఁ) వదిలేసి `aql ki taaq` అన్న ముక్కను, చివరి `dhari rahi`ని మాత్రమే ఇచ్చాను. గజల్ వెంటనే దొరికింది. అది సిరాజ్ ఔరంగాబాదీ రాసిన ‘ఖబర్-ఎ-తహయ్యుర్-ఎ-ఇష్ఖ్ సున్, న జునూఁ రహా న పరీ రహీ’. ఇంతకుముందు ఎందుకు దొరకలేదో అక్కడే తెలిసింది: గజళ్లకు పేర్లుండవు, మత్లా మొదటి పాదంతోనే జాబితాల్లో ఉంటాయి, నేను వెతికింది ఐదో షేరు. అచ్చులో ‘తాఖ్ పర్ జ్యూఁ’ అని ఉంది, నా మనసులో ‘తాఖ్ మే జో’ అని ఉంది. ‘అక్ల్’ను ‘అకల్’ అని రాయడం నా హైదరాబాదీ చెవి చేసిన పని.

అయినా ధ్రువీకరణ మిగిలింది. కాలిన తోట ఉందా? ఉంది: అదృశ్యలోకం వైపు నుంచి ఒక గాలి వీచి సృష్టి అనే ఉద్యానం కాలిపోయిందని, దుఃఖవృక్షపు కొమ్మ ఒక్కటి, మనసని పిలిచేది, పచ్చగా మిగిలిందని మూడో షేరు. కాఫియాలన్నీ వరుసగా పరీ, బేఖబరీ, పర్దాదరీ, హరీ, భరీ, ధరీ, జల్వాగరీ, బేఖతరీ. మరో ఆనవాలు భాషలోనే ఉంది. నేను విన్న గాయకుడు ‘సిమ్త్-ఎ-గైబ్ సే’ అని పాడాడు; పాఠంలో ‘సే’కు బదులు ‘సీఁ’, ‘కో’కు బదులు ‘కూఁ’ అని ఉన్నాయి. ఇవి దక్కనీ రూపాలు. 18వ శతాబ్దపు ఔరంగాబాదు కవికి ఇవి సహజం, ఈనాటి గాయకులు వాటిని సరిచేసి పాడతారు. అందుకే విన్న మాటను అక్షరం పొల్లుపోకుండా వెతికితే పాత పాఠాలు చిక్కవు.

సిరాజ్ పేరు నాకెందుకు వినిపించలేదని మాస్టారిని అడిగాను. “మఖ్తా పాడారా?” అన్నారాయన. మఖ్తా అంటే కవి తన కలంపేరు పెట్టే చివరి షేరు. ఏడు షేర్ల ఈ గజల్‌లో చివరిది ‘దిల్-ఎ-బేనవా-ఎ-సిరాజ్’ అని కవిని పేర్కొంటుంది. ఆ రాత్రి అది పాడారో లేదో నేను చెప్పలేను; పాడినా, సిరాజ్ అంటే దీపం కాబట్టి, ఆ మాటను మామూలు పదంగానే విని వదిలేసి ఉంటాను. రెండో షేరులో తనను తాను మరచిన స్థితికి రాజు తనకు ‘నగ్నత్వమనే వస్త్రం’ ఇచ్చాడన్న మాట కవి జీవితాన్నీ తాకుతుంది: పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఉన్మాదావేశం కమ్మి సిరాజ్ బట్టలు విడిచి ఖుల్దాబాద్ దర్గా చుట్టూ తిరిగేవాడని ఆయన జీవిత కథ చెబుతుంది.

ఆ తర్వాత ఆబిదా పర్వీన్ పాడినదీ, ఫరీద్ అయాజ్, అబూ ముహమ్మద్ బృందం పాడినదీ విన్నాను. మొదటిదానిలో గొంతు ఒకటే, కొన్ని మాటలను తిప్పి తిప్పి లోపలికి తీసుకెళ్తుంది. రెండోదానిలో బృందం అందుకోవడం, గిరహ్‌లు వేయడం ఉన్నాయి. నేను విన్న పద్ధతి రెండోదానికి దగ్గర. బాణీ మాత్రం రెండింటిలో దేనిదీ కాదు. ఆ బాణీ ఎవరిదో అడగడానికి మళ్లీ గురువారం వెళ్లాను. ఆ రోజు వేరే బృందం వచ్చింది.