మొదటి కంటైనర్ పంపేవాళ్లకు: షిప్పు తేదీ కాదు, కటాఫ్ చూసుకోండి

నేను విశాఖపట్నంలో కస్టమ్స్ క్లియరింగ్, ఫార్వర్డింగ్ పని చేస్తాను. కొత్తగా ఎగుమతిలోకి వచ్చినవాళ్లు ఫోన్ చేయగానే అడిగేది "షిప్పు ఎప్పుడండీ?" అని. నేను మాత్రం కటాఫ్ ఎప్పుడో చెబుతాను. షిప్పు కదలడానికి ముందే బరువు ప్రకటన, సరుకు తీసుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వివరాలు, కంటైనర్ టెర్మినల్ గేటు దాటడం, ఈ మూడింటికీ గడువు ముగిసిపోతుంది. ఏ ఒక్కటి తప్పినా సరుకు తర్వాతి షిప్పుకే.

దుగ్గిరాల నుంచి ఒక పసుపు వ్యాపారి వచ్చారు. 50 కిలోల బస్తాలు 300, మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కి పంపాలి. ఎగుమతిదారు కోడ్ ఐఈసీ ఉంది, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉంది, ఐజీఎస్టీ కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం కూడా వేశారు. "అన్నీ ఉన్నాయండీ, ఈ వారమే ఎక్కించేద్దాం" అన్నారు. ఏడీ కోడ్ అడిగితే, అదేమిటని ఎదురడిగారు.

విదేశీ డబ్బు మీ ఖాతాలోకి వచ్చే బ్యాంకు శాఖ కోడే ఏడీ కోడ్. ఆ శాఖ దాన్ని ఒక లెటర్ మీద ఇస్తుంది. దాన్ని కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో, మీరు ఏ పోర్టు నుంచి పంపుతున్నారో ఆ పోర్టుకు నమోదు చేసి కస్టమ్స్ ఆమోదం తీసుకోవాలి. అది లేకుండా కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి ప్రకటన, అంటే షిప్పింగ్ బిల్, వేయలేం. విదేశీ మారకం పని చూసే శాఖ వేరే ఊళ్లో ఉంటే లెటర్ రావడానికే రోజులు పడుతుంది. అందుకే ఆర్డర్ ఖాయమైన రోజే ఈ పని మొదలుపెట్టమంటాను. ఆయనకి మేం మొదట అనుకున్న షిప్పు వదిలేసి తర్వాతిదానికి బుక్ చేశాం. సరుకు గోడౌన్‌లోనే ఉంది కాబట్టి నష్టం లేదు. అదే లోడ్ చేసిన కంటైనర్ అయితే, ఛార్జీ లేని ఫ్రీ డేస్ దాటాక షిప్పింగ్ లైన్‌కి రోజుకింత అని డిటెన్షన్ పడేది.

ఇక కాగితాలు. ఆయన ప్యాకింగ్ లిస్టులో నెట్ 15,000 కిలోలు, గ్రాస్ కూడా 15,000 అని రాశారు. ఖాళీ సంచి 200 గ్రాములుంది. 300 సంచులకి 60 కిలోలు కలిపితే గ్రాస్ 15,060. ఇదే అంకె షిప్పింగ్ బిల్‌లోనూ బిల్ ఆఫ్ లేడింగ్‌లోనూ ఉండాలి. మొదట చెప్పిన బరువు ప్రకటన, అంటే వీజీఎం, వేరు. అది సరుకూ కంటైనరూ కలిపిన బరువు. 2016 జులై నుంచి ఇది లేకుండా కంటైనర్‌ని షిప్పు ఎక్కించరు. కంటైనర్ తలుపు మీద రాసుండే టేర్, అంటే ఖాళీ కంటైనర్ బరువు 2,200 కిలోలు, అది కలిపి 17,260. చాలామంది ఈ రెండు అంకెల్నీ ఒకదాని చోట ఒకటి వేస్తారు.

షిప్పింగ్ బిల్ వేసేముందు మేం చెక్‌లిస్ట్ పంపుతాం. దయచేసి "ఓకే" అని వెంటనే కొట్టేయకండి. కొనేవారి పేరు, ఇన్వాయిస్ నంబరు, ఎనిమిదంకెల హెచ్‌ఎస్ కోడ్, ఎగుమతిదారుకి పన్నులు వాపసిచ్చే రోడ్‌టెప్ పథకం క్లెయిమ్ దగ్గర "అవును" అని ఉందో లేదో వేలు పెట్టి చూడండి. అక్కడ దిద్దడానికి నిమిషం చాలు. బిల్ ఫైల్ అయ్యాక అమెండ్‌మెంట్‌కి దరఖాస్తు పెట్టాలి, ఆమోదం కోసం ఆగాలి. ఈయన ఇన్వాయిస్‌లో కోడ్ ఆరంకెలే ఉంది. ఎండు పసుపు కాబట్టి 09103020 వేయించాం.

తర్వాత సరుకు, కస్టమ్స్ తనిఖీ, కంటైనర్ లోడింగ్ జరిగే సీఎఫ్‌ఎస్‌కి చేరింది. సరుకులో పురుగు, తెగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కొనేవారు అడిగారు కాబట్టి, పురుగు చావడానికి మందు పొగ పట్టే ఫ్యూమిగేషన్, ప్లాంట్ క్వారంటైన్ తనిఖీ కూడా ఉన్నాయి. ఫ్యూమిగేషన్‌కి పట్టే సమయాన్ని ఎవరూ తగ్గించలేరు, కటాఫ్ నుంచి వెనక్కి లెక్కేసేటప్పుడు దాన్ని తప్పకుండా కలుపుకోవాలి. కస్టమ్స్ తనిఖీ ప్రతి సరుకుకీ ఉండదు. రిస్క్ సిస్టమ్ ఎంచుకుంటే బస్తాలు విప్పి చూస్తారు, లేకపోతే కాగితాల మీదే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ వస్తుంది. ఆ ఆర్డర్ వచ్చాకే షిప్పు ఎక్కించడానికి అనుమతి.

ఖర్చు విషయంలో ఒక్క మొత్తం చెప్పే కొటేషన్ ఒప్పుకోకండి. మా ఏజెన్సీ ఛార్జీ వేరుగా, రసీదు ఉన్నవి వేరుగా రాయించుకోండి. టెర్మినల్ హ్యాండ్లింగ్, బిల్ ఆఫ్ లేడింగ్ ఫీజు, సీల్, సీఎఫ్‌ఎస్, ఫ్యూమిగేషన్, లారీ ఇవన్నీ రసీదు ఉండేవే. ఆ రసీదులు మీ పేరున, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. అప్పుడే ఆ పన్ను క్రెడిట్ మీకు వస్తుంది. ఓషన్ ఫ్రైట్ డాలర్లలో చెబుతారు, రూపాయల్లోకి మార్చేటప్పుడు షిప్పింగ్ లైన్ తన రేటు వేస్తుంది. అది సాధారణంగా బ్యాంకు రేటు కన్నా ఎక్కువే ఉంటుంది. కొటేషన్ తీసుకునే రోజే ఆ రేటెంతో అడగండి. షిప్పు ఎక్కించేదాకా ఖర్చు కలిపిన ఎఫ్‌ఓబీ ధరకి అమ్మారా, ఓషన్ ఫ్రైట్, బీమా కూడా కలిపిన సీఐఎఫ్‌కా అన్నది కూడా ముందే చెప్పండి. ఎఫ్‌ఓబీ అయితే ఓషన్ ఫ్రైట్ కొనేవారు కట్టుకుంటారు, అది మీ బిల్లులో కనిపిస్తే ప్రశ్నించండి.

చివరిగా బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్. ఈ వ్యాపారి దాన్ని కొనేవారికి పంపి, వాళ్లు రాతపూర్వకంగా సరే అన్నాకే నాకు ఓకే చెప్పారు. వాళ్లు పిన్ కోడ్‌లో ఒక అంకె దిద్దించారు. షిప్పు కదిలాక అదే అంకె మార్చాలంటే లైన్‌కి కరెక్షన్ ఫీజు కట్టాల్సి వచ్చేది.