పిల్లి గిల్లి: అక్షరాల కంటే ముందు చెవి ఆటలు, ఆరు వారాల లెక్క

మొదటి వారం

పాపకు నాలుగున్నరేళ్లు. అక్షరాలు ఇంకా మొదలుపెట్టలేదు, ఇప్పుడప్పుడే పెట్టే ఉద్దేశమూ లేదు. రోజూ సాయంత్రం ఏడెనిమిది నిమిషాలు పలక, బలపం లేకుండా నోటితోనూ చేతులతోనూ ఆడుకుంటున్నాం. ఏ మాట అడిగానో, తను ఏం చేసిందో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను.

మొదటి ఆట చప్పట్లు. మాట పలుకుతూ అందులో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు కొట్టాలి. బంతికి రెండు, కిటికీకి మూడు. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు రైలు, సీతాకోకచిలుక అని రెండు మాటలు చెప్పి, ఏది పెద్ద మాట అని అడిగాను. రైలు అని ఠక్కున చెప్పింది. ఎందుకమ్మా అంటే, "అందులో బోలెడంత మంది పడతారు కదా నాన్నా!" అంది.

అప్పుడు అర్థమైంది. రెండు రోజులుగా తను నా చేతుల్ని చూసి కొడుతోందే తప్ప మాటను వినడం లేదు. మాట అనగానే వస్తువు కళ్ల ముందుకు వస్తోంది, చప్పుడు చెవిలో నిలవడం లేదు. అలాగని సీతాకోకచిలుకకు చప్పట్లు కొట్టించబోతే చేతులు నోటి కంటే ముందు పరుగెత్తాయి, లెక్క పది దాటింది. చప్పట్లు మానేసి చొక్కా గుండీలు తెచ్చాను. ఒక్కో ముక్కకు ఒక్కో గుండీ ముందుకు జరపాలి. రై, లు: రెండు. దాని కింద సీ, తా, కో, క, చి, లు, క: ఏడు. రెండు వరుసల్నీ పక్కపక్కన చూసుకుని, "రైలు పొట్టిది!" అని ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత వస్తువు పరిమాణం ఒకవైపు లాగితే మాట పొడవు మరోవైపు లాగే జంటల్నే ఎంచుకున్నాను. కొండకు రెండు గుండీలు, గులకరాయికి అయిదు.

రెండో వారం

ఈ వారం తప్పు నాది. పిల్లి అన్నాను. తను "పిల్, లి" అని విడగొట్టింది. నేను "కాదు, పి, ల్లి" అని దిద్దాను. పాప మొహం చిన్నబోయింది. రాత్రి నాకు నేనే పదిసార్లు పలికి చూసుకున్నాను. నాలుక మొదటి ముక్క చివర లకారం దగ్గర ఆగుతోంది, తర్వాత కదులుతోంది. పాప విన్నది నోటిలోని విరుపు. నేను చెప్పింది రాతలోని విరుపు. చదవడం వచ్చిన పెద్దవాళ్లకు మాట వినగానే అక్షరాలు కనిపిస్తాయి, అదే ఇబ్బంది. ఎలా విరిచినా ముక్కలు రెండే కాబట్టి ఆటకు నష్టం లేదు. ఇక దిద్దడం మానేశాను.

చిలుకకు రెండే గుండీలు జరిపినప్పుడూ ఇదే జరిగింది. మామూలుగా మాట్లాడేటప్పుడు నేను మధ్యలోని ఉకారాన్ని మింగేసి "చిల్క" అంటున్నాను. తను విన్నదానికే గుండీలు జరిపింది. లెక్క నాకు అనుమానంగా ఉంటే ఇప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా పలుకుతున్నాం. అచ్చు వచ్చినప్పుడల్లా దవడ కిందికి దిగుతుంది, దాన్నే లెక్కపెడతాం.

మూడో వారం

ప్రాసలు. పిల్లి, కుక్క, తల్లి: వీటిలో జత కలవనిది ఏది? "తల్లి" అంది. జంతువు కాదుగా మరి! నేను కావాలనే అలా అడిగాను. పిల్లి, బల్లి, గోడ అని అడిగి ఉంటే సరైన జవాబే వచ్చేది, కానీ చప్పుడు విని చెప్పిందో, జంతువులని జత కలిపిందో నాకు తెలిసేది కాదు. అర్థం ఒకవైపు, చప్పుడు మరోవైపు లాగే మూడు మాటలు ఇస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అయిదు రోజుల్లో పదిహేను ప్రశ్నలకు ఆరు సరైనవి. గొప్పగా ఏమీ లేదు.

నాలుగో, అయిదో వారాలు

దారి అనుకోకుండా దొరికింది. బొమ్మలు సర్దమంటే, "బొమ్మలూ వద్దు, గిమ్మలూ వద్దు" అంది. మన భాషలోనే ఇంత చక్కటి ఆట ఉండగా నేను ఎక్కడో వెతుకుతున్నాను! పుస్తకం గిస్తకం, తలుపు గిలుపు, పాము గీము. మొదటి ముక్కను ఊడదీసి, అది పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ తగిలించి, మిగిలినదాన్ని చెక్కుచెదరకుండా ఉంచాలి. ఈ పని పాప ఎవరూ నేర్పకుండానే చేస్తోంది. పైగా గిలుపు, గీము అనే వస్తువులు లేవు కాబట్టి అర్థం అడ్డు రాదు.

రోజుకు పది మాటలు. బంతి గింతి, చీమ గీమ వెంటనే వచ్చాయి. ఏనుగు దగ్గర ఆగింది. ఊడదీయడానికి ముందు హల్లు లేదు. కాసేపు నోరు తెరిచి, "గీనుగు!" అంది. గీత అనే మాట ఇస్తే "గీత గీత" అని, మోసం చేశానంటూ నా మీద కోప్పడింది. అయిదో వారం చివర ప్రాసల ప్రశ్నలు మళ్లీ అడిగితే పదిహేనుకు పన్నెండు.

అయితే ఈ ఆటకు ఒక హద్దుంది. గి వచ్చినప్పుడు మొదటి హల్లూ దాని వెంట ఉన్న అచ్చూ కలిసే పోతాయి. హల్లు విడిగా వినపడదు.

ఆరో వారం

విడి ధ్వనుల కోసం తొందరపడకూడదని ముందే అనుకున్నాను. 1974లో ఇసబెల్ లీబర్మన్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు అమెరికాలో పిల్లల చేత మాటల్ని కర్రతో తట్టించి చూశారు. నాలుగేళ్ల పిల్లల్లో దాదాపు సగం మంది మాటలోని ముక్కల్ని తట్టగలిగారు, విడి ధ్వనుల్ని ఒక్కరూ తట్టలేకపోయారు. అక్షరానికి అచ్చు అంటుకునే ఉండే మన రాతలో అది మరింత ఆలస్యం కావడం సహజమే.

అయినా సాగదీయడానికి వీలైన మ, స, న లతో మొదలుపెట్టాను. "మ్‌మ్‌మ్... ఏక" అంటే మేక అంది. "స్‌స్‌స్... ఊది" అంటే సూది అంది. పదింటిలో ఏడు కలిపింది. "క... ఓతి" అంటే మాత్రం "కవోతి" అంది. క సాగదు. నేను విడిగా పలికేటప్పుడు తెలియకుండానే అకారం చేర్చాను, తను దాన్నీ కలిపింది. గొంతు లేకుండా గుసగుసగా క్ అంటే కొంచెం మేలు. గ, డ, బ లకు ఆ ఉపాయం పనిచేయదు, వాటిని పక్కన పెట్టాను.

నిన్న సాయంత్రం ఒక కొత్త ప్రశ్న అడిగాను. "మాట అనే మాటలో మ్‌మ్‌మ్ దాచేస్తే ఏం మిగులుతుంది?" చాలాసేపు పెదవులు మూసి తెరిచింది. "ఆట!" అంది. వెంటనే పాట ఇచ్చాను, అత్యాశతో. "ట" అంది. పకారం సాగక ముక్క మొత్తం ఎగిరిపోయింది. వచ్చే వారానికి సాగేవాటినే రాసి పెట్టుకున్నాను: నూరు, ఊరు, నేడు, ఏడు, మాకు, ఆకు.